ఆ బోర్డు ఏ దేశానిది?

ఒక వీధి ఫొటో ఏ దేశంలో తీసిందో తెలియనప్పుడు అందులోని చెట్లు, కొండలు, మనుషుల కంటే ముందు దుకాణాల బోర్డులను చూడటం మంచిది. హోర్డింగుల మీది బ్రాండ్లు, ప్రకటనల భాష, చెయిన్ దుకాణాల లోగోలు మనుషులు కావాలని పెద్ద అక్షరాల్లో రాసిపెట్టిన సమాచారం. అయినా వాటిని చదవడం కనిపించినంత తేలిక కాదు. శంషాబాద్ మీదుగా బెంగళూరు వైపు వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారి పక్కన ఒక ఫొటో తీస్తే అందులో ఇండియన్ ఆయిల్ బంకు, ఎర్రటి ఎయిర్‌టెల్ బోర్డు, బాటా చెప్పుల దుకాణం పడవచ్చు. మూడూ మనకు పుట్టినప్పటినుంచీ తెలిసినట్టుండే పేర్లే. కాని 2015లో కొలంబోలో తీసిన ఫొటోలోనూ ఆ మూడూ కలిసి కనిపించే వీలుంది. ఇండియన్ ఆయిల్ 2003 నుంచి శ్రీలంకలో బంకులు నడుపుతోంది. ఎయిర్‌టెల్ అక్కడ 2009లో సేవలు మొదలుపెట్టింది; ఆ వ్యాపారం 2024లో డయలాగ్ సంస్థలో విలీనమైంది. బాటా సంగతి సరేసరి, ఆ కంపెనీ పుట్టిందే చెక్ దేశంలో. పైగా శ్రీలంకలోనూ బళ్ళు ఎడమ పక్కనే నడుస్తాయి. మూడు గట్టి ఆధారాలు దొరికాయనుకున్న మనిషి ఇక్కడ దేశాన్నే తప్పు చెప్పవచ్చు.

కాబట్టి ఒక లోగో మనకు ఎంత పరిచయమన్నది లెక్కలోకి రాదు. అది ఇంకెక్కడెక్కడ కనిపిస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది, ఎందుకు ఆగిపోతుంది అన్నవే అడగాల్సిన ప్రశ్నలు.

బ్రాండ్లకు సరిహద్దులు ఎలా ఏర్పడతాయి

బ్రాండు ఒక గీత దగ్గర ఆగిందంటే దాని వెనక కారణం ఉంటుంది. ఆ కారణం తెలిస్తే గుర్తుపెట్టుకోవాల్సిన జాబితా చిన్నదవుతుంది.

మొబైల్ కంపెనీల విషయంలో కారణం లైసెన్సు. గాలిలో సిగ్నల్ నడిపే తరంగాల హక్కును ఏ దేశానికి ఆ దేశ ప్రభుత్వం అమ్ముతుంది. సరిహద్దు దాటితే మళ్ళీ మొదటినుంచీ కొనుక్కోవాలి. అందుకే మొబైల్ లోగోలు దేశాన్ని పట్టివ్వడంలో ముందుంటాయి. పైగా అవి ఫొటోల్లో విరివిగా పడతాయి. కిరాణా కొట్టుకు బోర్డు ఉచితంగా వేయించి, అందులో ముప్పాతిక భాగం తమ లోగోతో నింపి, కొట్టు పేరును ఒక మూలన రాయించడం కంపెనీలకు అలవాటు. 2016లో సేవలు మొదలుపెట్టిన జియో, 2020లో వొడాఫోన్, ఐడియా పేర్లను కలిపి తెచ్చిన వీఐ అనే రెండక్షరాల లోగో భారత్‌కే పరిమితం. ఎయిర్‌టెల్ అలా కాదు. ఆ కంపెనీ 2010లో జైన్ అనే సంస్థ ఆఫ్రికా వ్యాపారాన్ని కొనడంతో కెన్యా, ఉగాండా, నైజీరియా వంటి దేశాల్లో కొట్ల గోడలు అదే ఎరుపు రంగు పూసుకున్నాయి. బంగ్లాదేశ్‌లోనూ ఆ బ్రాండు ఉంది. శంషాబాద్ ఫొటోలో ఎయిర్‌టెల్ బోర్డు ఉంటే పదిహేను దాకా దేశాలు మిగులుతాయి. పక్కనే జియో బోర్డు ఉంటే ఒక్కటే మిగులుతుంది.

పాల కంపెనీల కారణం వేరు. పాలు చెడిపోతాయి. సేకరించిన చోటునుంచి ప్యాకెట్ కొట్టుకు చేరేదాకా చల్లగా ఉంచాలి, ఆ పని రోజూ జరగాలి. దాంతో పాల బ్రాండ్లు దేశాల కంటే చిన్న హద్దుల్లో, సుమారు రాష్ట్రాల మేరకు నిలిచిపోయాయి. కర్ణాటకలో నందిని, తమిళనాడులో ఆవిన్, కేరళలో మిల్మా, తెలుగు నేల మీద విజయ, హెరిటేజ్, దొడ్ల, జెర్సీ. వీధి మలుపులోని పాల బూతు బోర్డు చాలాసార్లు రాష్ట్రాన్ని కూడా చెప్పేస్తుంది. అయితే ఈ హద్దులు ఏటికేడు పలచనవుతున్నాయి. నందిని పాలు ఇప్పుడు హైదరాబాద్‌లోనూ దొరుకుతాయి. విజయ పేరును తెలంగాణలోనూ ఆంధ్రలోనూ వేర్వేరు సంస్థలు వాడుతున్నాయి.

మూడో రకం కారణం కొనుగోళ్ళ చరిత్ర. యూనిలీవర్ తెచ్చిన ఐస్‌క్రీమ్ బండి మీది ఎర్రటి హృదయాకారం గుర్తు ప్రపంచమంతా ఒక్కటే, కింద పేరు మాత్రం దేశానికొకటి. భారత్‌లో క్వాలిటీ వాల్స్, పాకిస్తాన్‌లోనూ బ్రిటన్‌లోనూ వాల్స్, జర్మనీలో లాంగ్నీజ్, ఇటలీలో అల్గీడా, ఆస్ట్రేలియాలో స్ట్రీట్స్, బ్రెజిల్‌లో కిబోన్. ఆ కంపెనీ వేర్వేరు దేశాల్లో అప్పటికే జనం నోళ్ళలో నానుతున్న ఐస్‌క్రీమ్ కంపెనీలను కొని, వాటి పేర్లను చెరపకుండా ఉంచింది. గుర్తును మాత్రం అన్నిచోట్లా ఒకటి చేసింది. ఇటువంటి చోట బొమ్మ ఏమీ చెప్పదు, పేరే అంతా చెబుతుంది. దూరం నుంచి తీసిన ఫొటోలో పేరు మసకబారి ఎర్ర గుర్తు మాత్రం కనిపిస్తే దాన్ని ఆధారంగా తీసుకోకూడదు.

అక్షరాలు చెప్పేవి

ప్రకటనలో ఏ భాష ఉందన్నది సగం సంగతే. ఏ భాషలు కలిసి ఉన్నాయి, ఏది పైన ఉంది, ఏది పెద్దదిగా ఉంది అన్నవి మిగతా సగం.

తెలుగు లిపి కనిపిస్తే ఆంధ్ర, తెలంగాణ అనిపించడం సహజం. పుదుచ్చేరి పాలనలోని యానాం, కర్ణాటకలోని బళ్ళారి, తమిళనాడులోని హొసూరు, ఒడిశాలోని బరంపురం ప్రాంతాల్లోనూ తెలుగు బోర్డులు కనిపిస్తాయి. అమెరికాలో తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే డాలస్ శివార్లలో సినిమా పోస్టర్ల మీద, బిర్యానీ హోటళ్ళ మీద తెలుగు అక్షరాలు పలకరిస్తాయి. తేడా ఏమిటంటే అక్కడ తెలుగు అలంకారంగా ఒకటి రెండు మాటల్లో ఉంటుంది. ధర, ఫోను నంబరు, వేళలు, హెచ్చరికలు అన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. బతుకు వ్యవహారం ఏ భాషలో నడుస్తోందో చిన్న అక్షరాలు చెబుతాయి. పంచర్ షాపు గోడ మీద, అద్దెకు ఇల్లు కాగితం మీద, కరెంటు స్తంభానికి కట్టిన ట్యూషన్ ఫ్లెక్సీ మీద ఉన్న భాషే ఆ చోటి భాష.

తెలుగు తెలియని వాళ్ళు మన లిపిని కన్నడంగానో సింహళంగానో పొరబడటం మామూలే. మూడూ గుండ్రటి లిపులే. తెలుగును కన్నడం నుంచి వేరుచేయడానికి తలకట్టు చూడటం దగ్గరి దారి. తెలుగులో అది టిక్కు గుర్తులా ఏటవాలుగా పైకి లేస్తుంది. కన్నడంలో అడ్డంగా గీసినట్టు సాగి చివర వంపు తిరుగుతుంది. మసక ఫొటోలో అక్షరం చదవలేకపోయినా వరస పైభాగాన టిక్కులు టిక్కులుగా కనిపిస్తే తెలుగు, గీతలు గీతలుగా కనిపిస్తే కన్నడం. సింహళ లిపిలో ఇలాంటి టిక్కుల వరస ఉండదు.

శంషాబాద్ పాత బజారు వైపు ఉర్దూ బోర్డులు కూడా ఉంటాయి. 2017లో తెలంగాణ అంతటికీ ఉర్దూ రెండో అధికార భాష అయింది. దూరదేశపు మనిషి దాన్ని అరబ్బీ అనుకుని ఫొటోను గల్ఫ్‌కు పంపే ప్రమాదం ఉంది. ఉర్దూను సాధారణంగా నస్తాలీఖ్ అనే శైలిలో రాస్తారు. మాట కుడి పైనుంచి ఎడమ కిందికి జారుతున్నట్టుంటుంది. గల్ఫ్ బోర్డుల మీది అరబ్బీ ఎక్కువగా ఒకే సమమైన గీత మీద కూర్చుంటుంది. పాకిస్తాన్ బోర్డుల ఉర్దూ కూడా నస్తాలీఖే కాబట్టి శైలి ఒక్కటీ సరిపోదు, పక్క భాషను చూడాలి. ఉర్దూ, తెలుగు ఒకే బోర్డు మీద ఉంటే అది కరాచీ కాదు.

చట్టాలు కూడా అక్షరాల వరసను దిద్దుతాయి. తెలంగాణలో దుకాణాల నియమాలు బోర్డు మీద తెలుగు ఉండాలని, మిగతా భాషలు దాని కింద రావాలని చెబుతాయి. తమిళనాడులో తమిళం, ఇంగ్లిష్, ఇతర భాషలకు 5:3:2 నిష్పత్తి ఉంది. కర్ణాటక 2024లో బోర్డు మీద 60 శాతం కన్నడం ఉండాలని చట్టం చేసింది. ఒకే చెయిన్ దుకాణం మూడు రాష్ట్రాల్లో మూడు రకాల బోర్డులు పెట్టడానికి ఇదే కారణం. నియమాన్ని అందరూ పాటించరు కాబట్టి ఒక్క దుకాణాన్ని కాక వీధి మొత్తాన్ని చూడటం న్యాయం.

ముఖాలు కూడా ఒక రకం భాషే. థమ్స్ అప్ ప్రకటనల్లో ఒకే కాలంలో హిందీ ప్రాంతాల్లో సల్మాన్ ఖాన్, తెలుగు ప్రాంతాల్లో మహేశ్ బాబు కనిపించారు. సీసా ఒకటే, హోర్డింగ్ మీది మనిషి మారతాడు. అక్షరాలు కత్తిరించుకుపోయిన ఫొటోలో కూడా ఈ ఆధారం నిలుస్తుంది. తెలుగు సినిమా చూసేవాళ్ళకు ఇది ఎవరూ నేర్పాల్సిన పని లేదు.

పెట్టె: బోర్డు మీది అంకెలు

వస్తు సేవల పన్ను వచ్చిన 2017 జూలై నుంచి నమోదైన వ్యాపారి తన 15 అక్షరాల జీఎస్టీ నంబరును దుకాణం ముందు బోర్డు మీద చూపాలి. అందులో మొదటి రెండంకెలు రాష్ట్రాన్ని చెబుతాయి. తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37, కర్ణాటకకు 29, తమిళనాడుకు 33, మహారాష్ట్రకు 27. ఆ తర్వాతి పది అక్షరాలు వ్యాపారి పాన్ నంబరు. చెయిన్ దుకాణం ఏ రాష్ట్రంలో ఉన్నా ఆ పదీ మారవు, ముందున్న రెండూ మారతాయి.

ఫోను నంబర్లలో మెళకువ కావాలి. హైదరాబాద్ ల్యాండ్‌లైన్ కోడ్ 040. జర్మనీలోని హాంబర్గ్‌కు, నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌కు కూడా అదే 040. హైదరాబాద్‌లో దాని తర్వాత ఎనిమిదంకెలు వస్తాయి. మొబైల్ నంబరు పది అంకెలుండి 98తో మొదలైతే భారత్ కావచ్చు, నేపాల్ కూడా కావచ్చు. నేపాలీ భాషదీ దేవనాగరి లిపే కాబట్టి ఈ రెండు ఆధారాలూ కలిసినా అనుమానం తీరదు. 1800తో మొదలయ్యే ఉచిత నంబర్లు ఆస్ట్రేలియాలోనూ ఉన్నాయి.

ఒక ఫొటోను విప్పి చూస్తే

శంషాబాద్ సర్వీసు రోడ్డు మీద తీసినట్టు ఒక ఫొటోను ఊహించుకోవచ్చు. బళ్ళ నంబర్ ప్లేట్లు కనిపించవు. ఎడమ పక్క ఇండియన్ ఆయిల్ బంకు, దాని తర్వాత ఎర్రటి ఎయిర్‌టెల్ బోర్డున్న కొట్టు, ఆపైన మెడ్‌ప్లస్ మందుల దుకాణం, వెనక ఎత్తున ప్లాట్ల వెంచర్ హోర్డింగ్. ఆధారాలను జల్లెడలుగా భావించి పెద్ద కన్నాల దానితో మొదలుపెట్టి సన్న కన్నాల దానితో ముగించడం ఇక్కడ పద్ధతి.

ఇండియన్ ఆయిల్ బంకు దాటేసరికి భారత్, శ్రీలంక, మారిషస్ వంటి కొద్ది దేశాలు మిగిలాయి. ఎయిర్‌టెల్ బోర్డు మారిషస్‌ను తీసేసింది గాని శ్రీలంకను తీయలేకపోయింది. ఇక్కడ ఆగి దేశం పేరు చెప్పేయడమే చాలామంది చేసే తప్పు. రెండు ఆధారాలు ఒకే చోట్లను వదిలిపెడితే రెండోది కొత్తగా ఏమీ చెప్పనట్టే. మూడోది వేరే రకంగా ఉండాలి. హోర్డింగ్ మీది టిక్కుల లిపి ఆ పని చేస్తుంది. శ్రీలంక బోర్డులు సింహళంలో, తమిళంలో, ఇంగ్లిష్‌లో ఉంటాయి, తెలుగులో ఉండవు. తెలుగు అక్షరాలున్న డాలస్‌లో ఇండియన్ ఆయిల్ బంకు లేదు. విడివిడిగా సందిగ్ధంగా ఉన్న రెండు ఆధారాలు కలిసేసరికి దేశం తేలింది.

మెడ్‌ప్లస్ దీన్ని ఖాయం చేస్తుంది. 2006లో హైదరాబాద్‌లో మొదలైన ఆ చెయిన్ తెలంగాణ, ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర, ఒడిశా, పశ్చిమ బెంగాల్‌లలో విస్తరించింది. తెలుగుతో కలిపి చూస్తే ఆంధ్ర, తెలంగాణ, వాటి సరిహద్దు పట్టణాలు మిగులుతాయి. ఆ దుకాణం బోర్డు మూలన జీఎస్టీ నంబరు మొదట 36 అని చదవగలిగితే తెలంగాణ. చదవలేకపోతే వెంచర్ హోర్డింగ్ వైపు తిరగాలి. స్థిరాస్తి నియంత్రణ చట్టం ప్రకారం ఇలాంటి ప్రకటనలో రెరా నమోదు నంబరు, ఆ సంస్థ వెబ్‌సైటు పేరు ఉండాలి. కర్ణాటక నంబరులో `KA/RERA` అనే అక్షరాలు కనిపిస్తాయి, తెలంగాణ హోర్డింగుల మీద టీఎస్ రెరా లేదా టీజీ రెరా అని ఉంటుంది. హెచ్ఎండీఏ అన్న నాలుగక్షరాలు ఉంటే ఇంకా దగ్గరికి వచ్చినట్టు. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ అది. 2008లో ఏర్పడినప్పుడు పాత హుడాతోపాటు శంషాబాద్ చుట్టుపక్కల కోసం అప్పటికే ఉన్న విమానాశ్రయ అభివృద్ధి సంస్థ కూడా అందులో కలిసిపోయింది.

తప్పుదారి పట్టించే బోర్డులు

వెంచర్ హోర్డింగ్‌తో ఒక చిక్కు ఉంది. అది అమ్మే చోటును చెబుతుంది గాని నిలబడిన చోటును చెప్పదు. షాద్‌నగర్ దగ్గరి ప్లాట్ల ప్రకటన శంషాబాద్‌లో ఉంటుంది, ఎందుకంటే కొనగలిగేవాళ్ళు విమానాశ్రయం దారిలో వెళతారు. అదే వెంచర్ బ్యానరు ప్రవాసుల కోసం పెట్టే ప్రాపర్టీ షోలో అమెరికాలోనూ వేలాడవచ్చు. విమానాశ్రయానికి 20 నిమిషాలు అన్న మాట చదివి ఫొటో అక్కడిదే అనుకోకూడదు. ప్రకటన హోర్డింగ్‌కూ దుకాణం నెత్తిన ఉన్న పేరు బోర్డుకూ తేడా ఇదే. దుకాణం తన బోర్డు కింద కూర్చుంటుంది, ప్రకటన మాత్రం ఎక్కడికైనా వెళుతుంది.

ఊళ్ళ పేర్లు పెట్టుకున్న దుకాణాలు మరో వల. చెన్నై షాపింగ్ మాల్ బోర్డు హైదరాబాద్‌లో కనిపిస్తుంది. బజాజ్ ఎలక్ట్రానిక్స్ హైదరాబాద్ చెయిన్; స్కూటర్ల బజాజ్ కంపెనీకీ దానికీ సంబంధం లేదు. వీటన్నిటిలో బాగా తెలిసింది కరాచీ బేకరీ. దేశ విభజన తర్వాత కరాచీ నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రమ్నాని 1953లో హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్ దగ్గర దాన్ని స్థాపించారు. ఆ పేరున్న బోర్డు ఫొటోలో పడితే అది హైదరాబాద్ బ్రాండుకు గుర్తు. పేరును దేశంగా చదవడం వల్ల కలిగే నష్టం ఫొటోల దాకానే ఆగలేదు. 2019 ఫిబ్రవరిలో పుల్వామా దాడి తర్వాత బెంగళూరు శాఖ ముందు గుంపు చేరడంతో అక్కడ కరాచీ అన్న మాటను గుడ్డతో కప్పాల్సి వచ్చింది. 2025 మేలో శంషాబాద్ శాఖ బోర్డునే నిరసనకారులు ధ్వంసం చేశారు. విభజనలో ఊరు వదిలి వచ్చిన ఒక భారతీయ కుటుంబం తన పాత ఊరి పేరును దుకాణానికి పెట్టుకుందన్నది బోర్డు చరిత్ర. అది తెలియనివాళ్ళకు అదే బోర్డు పరాయి దేశంగా కనిపించింది. ఫొటో చూసేవాళ్ళు ఈ ఉదంతాన్ని గుర్తుంచుకోవడం అవసరం. బేకరీ ఏ ఊరి పేరు పెట్టుకుందన్నది పక్కనబెట్టి, ఆ పేరు కింద ఏ లిపి ఉంది, ఏ ఫోను కోడ్ ఉంది అని చూడాలి.

కాలం కూడా లెక్కలోకి వస్తుంది. ఫొటోలో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ బోర్డు ఉంటే అది 2017 ఏప్రిల్‌కు ముందుది కావచ్చు, ఆంధ్రా బ్యాంక్ బోర్డు ఉంటే 2020 ఏప్రిల్‌కు ముందుది కావచ్చు. ఆ తేదీల్లో అవి వరసగా స్టేట్ బ్యాంకులో, యూనియన్ బ్యాంకులో కలిశాయి. కావచ్చు అనడానికి కారణం ఉంది. బ్యాంకు శాఖ బోర్డు త్వరగా మారుతుంది గాని గోడ మీద పెయింటు వేసిన ప్రకటన వానకు చెరిగేదాకా ఉంటుంది. కొత్త బోర్డు ఫొటో ఎప్పటికంటే ముందుది కాదో కచ్చితంగా చెబుతుంది. పాత బోర్డుకు ఆ శక్తి లేదు. వీఐ లోగో ఉన్న ఫొటో 2020 సెప్టెంబరుకు ముందుది కాదు. ఆర్టీసీ బస్సు మీద టీజీఎస్ఆర్టీసీ అని ఉంటే 2024కు ముందుది కాదు.

టెర్మినల్ లోపల

శంషాబాద్ ప్రాంతంలో దేశాన్ని పట్టుకోవడం అన్నిటికంటే కష్టమయ్యేది 2008 మార్చిలో మొదలైన రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం లోపలే. కారణం వ్యాపారపరమైనది. వీధి దుకాణం చుట్టుపక్కల జనానికి అమ్ముతుంది కాబట్టి వాళ్ళ భాష మాట్లాడాలి. విమానాశ్రయంలో ప్రకటన ఇచ్చేవాడికి కావాల్సింది ఏ ఊరివాడైనా సరే, డబ్బున్న ప్రయాణికుడు. అందువల్ల అక్కడ గడియారాలు, బ్యాంకులు, అత్తర్లు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఇంగ్లిష్‌లో పలకరిస్తాయి. అవే బోర్డులు దుబాయ్‌లోనూ సింగపూర్‌లోనూ ఉంటాయి. నగల ప్రకటనలు కూడా ఇక్కడ నమ్మదగ్గవి కావు. మలబార్ గోల్డ్, జోయాలుక్కాస్, కల్యాణ్ హైదరాబాద్‌లోనూ దుబాయ్‌లోనూ ఉన్నాయి. దుబాయ్ దుకాణమైతే బోర్డు మీద అరబ్బీ తప్పనిసరి. ఈ విమానాశ్రయాన్ని నడిపే జీఎంఆర్ లోగో కూడా చాలదు. ఆ సంస్థ ఢిల్లీ, గోవాలోని మోపా విమానాశ్రయాలనూ నడుపుతోంది, ఇండోనేషియాలోని మేడాన్ విమానాశ్రయ నిర్వహణలోనూ భాగస్వామి.

లోపల మిగిలే ఆధారాలు ప్రకటనల పెద్ద అక్షరాల్లో కాక దారి చూపే బోర్డుల్లో ఉంటాయి. ఇంగ్లిష్ పక్కన తెలుగు, హిందీ రెండూ ఉన్న దిశాసూచి బోర్డు తెలుగు రాష్ట్రాల విమానాశ్రయాలను తప్ప మరేదాన్నీ చూపదు. తినుబండారాల ప్రకటనలో చదరం మధ్య ఆకుపచ్చ చుక్క ఉంటే అది శాకాహారాన్ని తెలిపే భారతీయ గుర్తు. ధర పక్కన అడ్డగీతల రూపాయి గుర్తు ఉంటే అది 2010 జూలైలో భారత్ స్వీకరించిన చిహ్నం; పాకిస్తాన్, శ్రీలంక, నేపాల్ రూపాయలకు ఆ గుర్తు వాడరు. సెల్ఫీ కెమెరా ఫొటోను తిప్పేసిందేమో కూడా చూడాలి. అద్దంలోలా తిరగబడిన ఫొటోలో తలకట్టు టిక్కులు ఎడమకు వాలతాయి, ఎడమ పక్క నడిచే బళ్ళు కుడి పక్కకు మారిపోతాయి. ఇవేవీ లేక ఒక గడియారం ప్రకటన, ఒక కాఫీ దుకాణం లోగో, మెరిసే నేల మాత్రమే పడిన ఫొటో నుంచి దేశం పేరు చెప్పడానికి బోర్డులు చాలవు.